కలలో పాము కనిపిస్తే: చరకుడు అడిగిన ప్రశ్న, వియన్నా డాక్టర్ అడిగిన ప్రశ్న

ఈ ఎపిసోడ్‌కి కారణం మా పిన్ని కూతురు. పెళ్లి సంబంధాలు చూస్తున్న రోజుల్లో తనకి కలలో పాము వచ్చింది. మంచం కిందికి దూరి బయటికి రావట్లేదట. పొద్దున లేచి ఇంట్లో చెప్పింది, అంతే. మా పెద్దమ్మ "సర్పదోషం ఉందేమో, సంబంధాలు ఆపండి" అంది. సైకాలజీ వీడియోలు చూసే మా అన్నయ్య "ఫ్రాయిడ్ ప్రకారం అది అణచిపెట్టిన కోరిక" అని నవ్వాడు. ఒకరు దోషం అన్నారు, ఇంకొకరు సిగ్గుపడేలా చేశారు. ఆ పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఒక పాత కేసు చూద్దాం. 1880 వేసవి. బెర్తా పాపెన్‌హైమ్ అనే 21 ఏళ్ల వియన్నా అమ్మాయి, ఊరి బయట విడిది ఇంట్లో, జబ్బుపడిన తండ్రి మంచం పక్కన రాత్రంతా మేలుకుని కూర్చుంది. కుడి చెయ్యి కుర్చీ వెనక్కి వేలాడేసి ఉంది. సగం నిద్రలో ఒక నల్లపాము గోడ మీంచి తండ్రిని కరవడానికి వస్తున్నట్టు కనిపించింది. తరుముదామంటే చెయ్యి లేవలేదు. చూసుకుంటే తన వేళ్లే చిన్న చిన్న పాములైపోయాయి. తర్వాత ఆ చెయ్యే పనిచేయకుండా పోయింది.

ఆమెకి వైద్యం చేసిన డాక్టర్ జోసెఫ్ బ్రాయర్. ఆయనా ఫ్రాయిడూ కలిసి 1895లో వేసిన పుస్తకంలో ఈ కేసు 'అన్నా ఓ' అనే మారుపేరుతో ఉంది. అందులో బ్రాయర్ పాముకి పెద్ద అర్థాలేమీ చెప్పలేదు. ఇంటి వెనక పొలంలో పాములు ఉండి ఉండొచ్చు, ఆమె అంతకుముందు వాటిని చూసి భయపడి ఉండొచ్చు అన్నాడు. చెయ్యి కుర్చీ మీద ఒత్తుకుని తిమ్మిరెక్కింది, అందుకే లేవలేదు. అంటే పాము పొలం నుంచి వచ్చింది, తిమ్మిరి కుర్చీ నుంచి వచ్చింది. నాన్న పోతాడేమో అన్న భయం ఈ రెండింటినీ కలిపింది.

ఫ్రాయిడ్ తన కలల పుస్తకంలో పాముని పురుషాంగానికి గుర్తుగా చెప్పిన మాట నిజమే. కానీ గుర్తుల పట్టిక ఒక్కటే పట్టుకుని కలకి అర్థం చెప్పొద్దని, కల కన్న మనిషికి ఆ కల చూస్తే ఏం గుర్తొస్తుందో ముందు అడగాలని కూడా ఆయనే హెచ్చరించాడు. మా అన్నయ్య మొదటి సగమే విన్నాడు.

మరి మన సంప్రదాయం? చరక సంహితలో ఇంద్రియస్థానం అనే భాగం ఉంది. రోగి బతుకుతాడా లేదా అని గుర్తుపట్టే లక్షణాలు అందులో చెప్పారు. అక్కడ కలలు ఏడు రకాలు. చూసింది, విన్నది, అనుభవించింది, కోరుకున్నది, ఊహించుకున్నది, జరగబోయేదాన్ని సూచించేది, వాత పిత్త కఫాలు చెడితే వచ్చేది. ఇందులో మొదటి ఐదు రకాలకీ ఫలితం ఉండదని వైద్యుడు చెప్పాలట. పగటి కలకీ, మరీ చిన్న కలకీ, మరీ పొడుగాటి కలకీ అంతే. గమనించారా? కలలు భవిష్యత్తు చెప్తాయని నమ్మినవాళ్లే ముందు ఒక జల్లెడ పెట్టారు. "ఈమధ్య పాముని చూశావా, దాని గురించి విన్నావా?" అనేదే మొదటి ప్రశ్న. వియన్నాలో బ్రాయర్ వెతికిందీ అదే.

మా చెల్లిని నేను ఆ ప్రశ్న అడిగాను. కలకి నాలుగు రోజుల ముందు పశువుల కొట్టంలో గడ్డిమోపు ఎత్తితే జెర్రిపోతు బయటికొచ్చిందట, అది మళ్లీ ఎటు పోయిందో దొరకలేదట. చరకుడి లెక్కలో ఇది చూసిన కల, ఫలితం లేనిది. "మరి ఆ పాము కొట్టంలో కాకుండా నీ మంచం కిందికి ఎందుకొచ్చింది?" అన్నాను. కాసేపాగి "నాకీ సంబంధం ఇష్టం లేదన్నయ్యా, చెప్పలేకపోతున్నా" అంది. ఇది నేను కలలోంచి తీసిన అర్థం కాదు, తను చెప్పిన మాట. కల వల్ల అడిగే అవకాశం దొరికింది, అంతే.

సర్పదోషం సంగతికొస్తే, జ్యోతిష్యాన్ని నమ్మేవాళ్ల లెక్కలోనే అది చూసేది జాతకంలో రాహుకేతువులు ఎక్కడున్నారో బట్టి. ఒక్క కలని బట్టి పెళ్లి ఆపమనడం ఆ శాస్త్రం పద్ధతి కూడా కాదు.

కాబట్టి నేను తూచే పద్ధతి ఇదీ. ముందు ఆ పాము ఎక్కడినుంచి వచ్చిందో వెతకాలి. తర్వాత కలలో ఏ భయం ఉందో కల కన్న మనిషే చెప్పాలి, మనం చెప్పకూడదు. నాగులచవితికి పుట్టలో పాలు పోస్తే మనసు కుదుటపడుతుందంటే పొయ్యండి, అది మీ భక్తి. కానీ ఆ కల చూపించి ఎవరైనా వేలకి వేలు అడిగినా, సంబంధం చెడగొట్టమన్నా అక్కడ ఆగండి. అదే పీడకల మళ్లీ మళ్లీ వచ్చి నిద్ర పోతుంటే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

మా ఇంట్లో ఆ సంబంధం ఆగింది. దోషం వల్ల కాదు, ఆ పిల్ల తనే వద్దని చెప్పింది కాబట్టి.