ఫిరాయింపుల చట్టం: ఎవరిని కట్టేసింది, ఎవరిని వదిలేసింది?

పార్టీ ఫిరాయింపుల మీద పార్లమెంటు గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టడం వెనక ఒక తెలుగు ఎంపీ ఉన్నారు. నంద్యాల కాంగ్రెస్ సభ్యుడు పెండేకంటి వెంకటసుబ్బయ్య ఈ జాడ్యాన్ని పరిశీలించడానికి ఉన్నతస్థాయి కమిటీ వేయాలంటూ 1967లో లోక్‌సభలో తీర్మానం ప్రవేశపెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 8న సభ దాన్ని ఆమోదించింది. నాటి హోం మంత్రి వై.బి. చవాన్ నాయకత్వంలో కమిటీ ఏర్పడింది.

ఆ తొందరకు కారణం ఉంది. 1967 ఎన్నికల్లో చాలా రాష్ట్రాల్లో కాంగ్రెస్ దెబ్బతింది. బొటాబొటి మెజారిటీలతో ప్రభుత్వాలు ఏర్పడి నెలల్లోనే కూలిపోయాయి. హర్యానాలో గయాలాల్ అనే ఎమ్మెల్యే పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారారు. ‘ఆయారామ్ గయారామ్’ అనే మాట దేశమంతా పాకింది అప్పుడే. చవాన్ కమిటీ తేల్చిన లెక్క ఇంకా ఘాటైనది. 1967 మార్చి నుంచి ఏడాది కాలంలో 438 ఫిరాయింపులు జరిగాయి. రాష్ట్రాల్లో పార్టీ మారిన 210 మంది శాసనసభ్యుల్లో 116 మందికి మంత్రి పదవులు దక్కాయి. గోడ దూకించింది సిద్ధాంతం కాదు, పదవి అని ఆ అంకెలే చెప్పాయి.

అయినా చట్టం రావడానికి పదిహేడేళ్లు పట్టింది. 1973లో ఒక బిల్లు, 1978లో మరొకటి వచ్చినా చట్టం కాలేదు. ఈలోగా 1984 ఆగస్టు 16న హైదరాబాద్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రామ్‌లాల్ బర్తరఫ్ చేసి, నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. ఎన్టీఆర్ తన ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని ఢిల్లీలో రాష్ట్రపతి ముందు నిలిపారు. వాళ్లు చెదిరిపోకుండా కర్ణాటకలో శిబిరం నడిపారు. నెల తిరిగేసరికి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి ఊరు దాటించాల్సిన దుస్థితిని తెలుగువాళ్లు అప్పుడు కళ్లారా చూశారు.

1985 జనవరి చివర్లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం 52వ రాజ్యాంగ సవరణను ఆమోదింపజేసుకుంది. దాంతో పదో షెడ్యూల్ వచ్చింది. దాని ప్రకారం ఏదైనా పార్టీ టికెట్‌పై గెలిచిన సభ్యుడు రెండు కారణాలతో సీటు కోల్పోతాడు. ఒకటి, పార్టీ సభ్యత్వాన్ని తనంతట తాను వదులుకోవడం. రెండు, ముందుగా అనుమతి తీసుకోకుండా విప్‌కు విరుద్ధంగా ఓటేయడం లేదా ఓటింగ్‌కు దూరంగా ఉండటం. ఈ రెండో తప్పును పార్టీ పదిహేను రోజుల్లో క్షమించవచ్చు. మొదటిదానికి రాజీనామా లేఖే ఉండనక్కర్లేదనీ, నడవడికను బట్టి కూడా తేల్చవచ్చనీ 1994లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ రెండు కారణాలూ ఒక కోవవి కావు. మొదటిది ఓటరుకు చేసిన ద్రోహం. రెండోది బిల్లు మీద భిన్నాభిప్రాయం కావచ్చు. విప్ అనే పద్ధతి మనకు బ్రిటన్ నుంచి వచ్చింది. అక్కడ దాన్ని ధిక్కరిస్తే పార్టీ శిక్షిస్తుంది, సీటు మాత్రం పోదు. 2019 సెప్టెంబరులో బ్రెగ్జిట్ విషయంలో 21 మంది కన్సర్వేటివ్ ఎంపీలు సొంత ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ వాళ్లను తన పార్లమెంటరీ పక్షం నుంచి తప్పించింది. వాళ్లు ఎంపీలుగానే కొనసాగారు. అదే పని మన లోక్‌సభలో చేసి ఉంటే, పార్టీ పట్టుబడితే, అనర్హత వేటు పడేది.

ఈ చిక్కును సుప్రీంకోర్టు 1992లోనే గుర్తించింది. కిహోటో హొలోహన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీ చట్టాన్ని సమర్థించింది. అయితే అనర్హత దాకా వెళ్లే విప్ విశ్వాస, అవిశ్వాస తీర్మానాలకూ, పార్టీ ఏ విధానం చెప్పి ఓట్లడిగిందో దానికి సంబంధించిన అంశాలకూ పరిమితం కావాలని చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు దినేశ్ గోస్వామి కమిటీ సలహా కూడా దాదాపు ఇదే. పార్టీలు మాత్రం సాధారణ బిల్లులకూ విప్ జారీ చేస్తూనే వచ్చాయి. తన నియోజకవర్గ రైతుకు నష్టం చేసే బిల్లని తెలిసినా సభ్యుడు చెయ్యెత్తక తప్పడం లేదు.

ఓటును ఇంత గట్టిగా బిగించిన చట్టం గుంపుగా పార్టీ మారేవాళ్లకు మాత్రం దారి విడిచింది. ఒక్కరు వెళ్తే నేరం, మూడో వంతు మంది వెళ్తే ‘చీలిక’. చిల్లర వ్యాపారాన్ని ఆపి టోకు వ్యాపారాన్ని అనుమతించడమే ఇది. 2003లో 91వ సవరణ చీలిక వెసులుబాటును తొలగించింది. మంత్రుల సంఖ్యకు సభలో 15 శాతం పరిమితి పెట్టింది. అనర్హుడైన ఫిరాయింపుదారు మళ్లీ గెలిచేదాకా మంత్రి కాకూడదంది. మిగిలిన దారి విలీనం ఒక్కటే, దానికి మూడింట రెండు వంతుల మంది కావాలి.

ఆ లెక్క ఎలా నడుస్తుందో తెలంగాణలో చూడండి. 2018 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 19 సీట్లు వచ్చాయి. రెండు వంతులు అంటే 13 మంది. 2019 జూన్‌లో, నల్గొండ ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయడంతో సంఖ్య 18కి తగ్గింది. ఇప్పుడు 12 మంది చాలు. ఆ వెంటనే 12 మంది శాసనసభాపక్షాన్ని టీఆర్ఎస్‌లో విలీనం చేయమని కోరారు, స్పీకర్ ఒప్పుకున్నారు. దేశంలో కాంగ్రెస్ పార్టీ ఎందులోనూ కలవలేదు. అసలు పార్టీ విలీనం కాకుండా శాసనసభాపక్షం ఒక్కటే విలీనం కావచ్చా అన్నది పదో షెడ్యూల్ నాలుగో పేరాలో ఇప్పటికీ వివాదమే.

ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య కూడా అవసరం పడలేదు. 2014లో వైఎస్సార్‌సీపీకి 67 మంది ఎమ్మెల్యేలు. విలీనానికి 45 మంది కావాలి. టీడీపీలో చేరింది 23 మందే. వాళ్లలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. అనర్హుడు మంత్రి కాకూడదన్న నిబంధన వాళ్లకు అడ్డు రాలేదు. ఎందుకంటే అనర్హతను తేల్చాల్సింది స్పీకర్. సభ గడువు ముగిసేదాకా వేటు పడలేదు. తీర్పు రానంతకాలం చట్టం దృష్టిలో ఫిరాయింపు జరగనట్టే.

చట్టంలోని పెద్ద లోపం ఇదే. అధికార పార్టీ సభ్యుడిగా గెలిచి, ఆ పార్టీ బలంతో కుర్చీలో కూర్చున్న స్పీకర్‌కు, ఆ పార్టీకి లాభించిన ఫిరాయింపుపై తీర్పు చెప్పే బాధ్యత ఇచ్చారు, గడువు పెట్టలేదు. మణిపూర్ కేసులో 2020లో సుప్రీంకోర్టు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని చెప్పి, స్వతంత్ర ట్రిబ్యునల్‌ను పార్లమెంటు ఆలోచించాలని సూచించింది. 2023 తర్వాత తెలంగాణలో పది మంది బీఆర్ఎస్ ఎమ్మెల్యేలపై కాంగ్రెస్‌లో చేరారన్న పిటిషన్లు వచ్చాయి. అందులో ఒకరు ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ టికెట్‌పై సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేశారు. అయినా మూడు నెలల్లో నిర్ణయించాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించాల్సి వచ్చింది.

ప్రభుత్వ స్థిరత్వానికి విశ్వాస ఓటు, ఆర్థిక బిల్లుల మీద పార్టీ కట్టుబాటు అవసరం. తక్కిన బిల్లుల మీద సభ్యుడి ఓటును అతని మనస్సాక్షికి వదిలేసినా ఏ ప్రభుత్వమూ పడిపోదు. విప్ పరిధిని కుదించి, ఫిరాయింపు తీర్పును స్పీకర్ చేతుల్లోంచి తీసి గడువున్న ట్రిబ్యునల్‌కు అప్పగించాలి. విలీనం పేరుతో దారి ఇచ్చే నాలుగో పేరాను తీసేయాలి. పార్టీ మారాలనుకున్నవాడు రాజీనామా చేసి తన ఓటర్ల దగ్గరికే మళ్లీ వెళ్లాలి.