ఉమ్మడి పద్దు, సొంత డబ్బు: మగ్గం ఇంట్లో పాత తగాదా

1734లో గవర్నర్ మోర్టన్ పిట్ కాలంలో చింతాద్రిపేట కట్టినప్పుడు, సుంకురామ తోట ఉన్న చోట నేతగాళ్లకు ఇళ్లిచ్చి కూర్చోబెట్టారు. ఆ పేట పేరులోనే చిన్న మగ్గం ఉందంటారు. అప్పట్లో ఇల్లే కార్ఖానా. తాత పడుగు చూస్తే, నాయన నేస్తే, అమ్మ, అత్త కండెలు చుడితే ఒక బట్ట తయారయ్యేది. ఎవరి కష్టం ఎంత అని విడదీసే వీలే లేదు. డబ్బు పెద్దాయన చేతికి వచ్చేది, పద్దు ఒక్కటే.

ఇంట్లో ఒకడు చదువుకుని బయటికి పనికి వెళ్లగానే చిక్కు మొదలైంది. అతని జీతం ఎవరిది? పాత ధర్మశాస్త్ర వాదం ప్రకారం, ఉమ్మడి సొమ్ముతో విద్య నేర్చుకున్నవాడి సంపాదన ఉమ్మడిదే. ఈ తగాదా మన మద్రాసు నుంచే లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1877 నాటి పౌలియం వాలు చెట్టి, పౌలియం సూరయ్య చెట్టి కేసు అది. ఇంటి ఖర్చుతో ఏ కొంచెం చదువు చదివినా ఇక జన్మంతా సొంత ఆస్తి ఉండకూడదా అని అక్కడి న్యాయమూర్తులు ఆశ్చర్యపోయారు. తర్వాత భాష్యం అయ్యంగార్ మద్రాసు శాసనసభలో దీనికో బిల్లు తెచ్చారు గానీ అది చట్టం కాలేదు. 1921లో గోకల్ చంద్ కేసులో మళ్లీ పాత మాటే గెలిచింది. ఇంటి డబ్బుతో ప్రత్యేకంగా చదివించిన ఐసీఎస్ అధికారి సంపాదన ఉమ్మడిదే అన్నారు.

చివరికి 1930లో హిందూ విద్యార్జిత ధన చట్టం వచ్చింది. నేర్పింది ఇంటివాళ్లే అయినా, చదువుకునేటప్పుడు తిండి ఇంటిదే అయినా, ఆ ఒక్క కారణంతో సంపాదనను ఉమ్మడిది అనరాదు అన్నారు. విద్య అంటే కాలేజీ చదువే కాదు, వృత్తి నేర్పే ఏ శిక్షణ అయినా సరే. అంటే నాయన దగ్గర నేత నేర్చుకుని వేరేచోట నేసి తెచ్చిన కూలి కూడా ఆ మాటలోకి వస్తుంది. ఇది మనవాళ్లలో చాలామందికి తెలియదు.

కానీ చట్టం తేల్చని సంగతి ఒకటుంది. ఉమ్మడి మగ్గం మీద వచ్చిన రాబడి ఉమ్మడిదే. కాబట్టి ఉద్యోగం చేసేవాడికి సొంత డబ్బు మిగులుతుంది, మగ్గం గుంటలో కూర్చున్నవాడికి మిగలదు! మన ఇళ్లలో అన్నదమ్ముల మనసు విరిగేది ఎక్కువగా ఇక్కడే.

లెక్క వేసి చూద్దాం. నూలు, రంగు ఖర్చు పోగా మగ్గాల రాబడి నెలకు 20,000 అనుకుందాం. నేసేది తండ్రి, పెద్దకొడుకు. చిన్నకొడుకు జీతం 30,000. పెద్దకోడలు బట్టలు కుట్టి 6,000 తెస్తుంది. ఇంటి ఖర్చు 31,200. పాత పద్ధతిలో మగ్గాల 20,000 అంతా ఇంటికి పోతుంది, చిన్నవాడు 11,200 కలిపి మిగతా 18,800 ఉంచుకుంటాడు. పెద్దవాడికి టీ తాగాలన్నా భార్యనే అడగాలి.

ఇప్పుడు ముందే కూలి తీద్దాం. తండ్రికి 8,000, పెద్దకొడుక్కి 8,000. మిగిలిన 4,000 అచ్చులు, నాడెలు, మరమ్మతుల కోసం మగ్గం నిధి. అప్పుడు నలుగురి సంపాదన 52,000. ఒక్కొక్కరు రూపాయికి 60 పైసలు ఇంట్లో వేస్తే సరిగ్గా 31,200 వస్తుంది. తండ్రీకొడుకులకు చెరి 3,200, కోడలికి 2,400, చిన్నవాడికి 12,000 సొంతానికి మిగులుతాయి. చిన్నవాడు ముందుకంటే 6,800 ఎక్కువ ఇస్తున్నాడు. ఊరుకోడు, అడుగుతాడు. అడగనివ్వాలి. ఇన్నాళ్లూ మగ్గం అరుగుదల, అన్న చేతిఖర్చు ఎవరు మోశారో ఆ పద్దే చెబుతుంది. రాబడి తగ్గిన నెల, నూలు ధర పెరిగిన నెల ఈ వంతు మళ్లీ వేసుకోవాలి. ఆషాఢంలో అమ్మకం పడిపోయినప్పుడు పాత వంతే పట్టుకుంటే ముందు తినేసేది మగ్గం నిధినే.

ఇంకో చోట జాగ్రత్త కావాలి. సొంత డబ్బును పైకప్పుకో, కొత్త మగ్గానికో పెట్టినప్పుడు అది అప్పా, కానుకా, ఉమ్మడిలో కలిపేసిందా అన్నది పంపకాల నాడు బయటపడుతుంది. 1963లో ఆంధ్ర నుంచి వెళ్లిన లక్కిరెడ్డి కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, మనవాళ్లే కదా అని సొంత ఆస్తిని వాడుకోనిస్తే అది ఉమ్మడిలో కలిసినట్టు కాదు, వదులుకునే ఉద్దేశం స్పష్టంగా ఉండాలి అంది. ఉద్దేశం పదేళ్ల తర్వాత ఎవరికి గుర్తుంటుంది? అందుకే ఇల్లు వేసుకునేటప్పుడు ఎవరు ఎంత, ఏ తేదీన, ఏ పేరుతో ఇచ్చారో పద్దు పుస్తకంలో ఒక వరుస రాసి, ఇంట్లో పెద్దవాళ్లంతా సంతకాలు పెట్టుకుంటే చాలు. ఆడవాళ్ల సంతకం కూడా ఉండాలి, వాళ్ల కుట్టు డబ్బు ఎక్కువగా ఏ పద్దులోకీ ఎక్కకుండా బియ్యంలో కలిసిపోతోంది.