ఖాళీ గడుల కొరతలో పుట్టిన లిస్టు

1956 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో హెర్బర్ట్ సైమన్ తన భార్యాపిల్లల్ని, కొందరు విద్యార్థుల్ని ఒకచోట చేర్చి తలా ఒక కార్డు ఇచ్చారు. ఒక్కో కార్డు మీద ఒక ప్రోగ్రాంలోని ఒక్కో భాగం ఏం చేయాలో రాసి ఉంది. తర్కశాస్త్రంలోని సిద్ధాంతాలను తనంతట తానే నిరూపించే ప్రోగ్రాం అది, పేరు లాజిక్ థియరిస్ట్. యంత్రం మీద నడిచే రూపం అప్పటికి సిద్ధం కాలేదు కాబట్టి ముందు మనుషులే నడిపి చూశారు.

సైమన్‌తో పాటు ఈ పనిలో ఉన్నవాళ్లు అలెన్ న్యూవెల్, క్లిఫ్ షా. అసలు ప్రోగ్రామింగ్ భారం ఎక్కువగా మోసింది షా. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో రాండ్ కార్పొరేషన్‌కు జానియాక్ అనే కంప్యూటర్ ఉండేది. ప్రోగ్రాం నడవాల్సింది దాని మీదే, కానీ దాని మెమరీలో ఉన్న గడులు 4096 మాత్రమే. సిద్ధాంతం నిరూపించబోతే ఒక ప్రశ్న నుంచి నాలుగు ఉపప్రశ్నలు పుట్టవచ్చు, అందులో ఒకటి పది దారులు తెరవవచ్చు, మిగతావి అక్కడే ఆగిపోవచ్చు. ఏ జాబితా ఎంత పెరుగుతుందో ముందే చెప్పలేం. ప్రతిదానికీ ఇన్ని గడులని వరసగా కేటాయిస్తే ఒకచోట చోటు చాలదు, పక్కనే ఇంకోచోట గడులు ఊరికే పడి ఉంటాయి. పైగా వరస మధ్యలో ఒకటి చేర్చాలంటే దాని తర్వాతవన్నీ ఒక్కో గడి చొప్పున జరపాలి.

ముగ్గురూ దీనికి కనిపెట్టిన పరిష్కారం ఇది: జాబితాలో పక్కపక్కన ఉండాల్సినవి మెమరీలో పక్కపక్కన ఉండనక్కర్లేదు. ప్రతి గడిలోనూ సమాచారంతో పాటు తర్వాతి గడి చిరునామా కూడా రాసిపెడితే చాలు. దీనికోసం వాళ్లు ఐపీఎల్ అనే భాషనే తయారుచేశారు. న్యూవెల్, షా 1957లో ప్రచురించిన పత్రంలో పెట్టెలు, వాటి మధ్య బాణాలు గీసి చూపించారు. ఇవాళ క్లాసులో బోర్డు మీద గీసే బొమ్మ అదే.

నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఖాళీ గడుల సంగతి. వాడకంలో లేని గడులన్నిటినీ కూడా ఇలాగే ఒకదానికొకటి ముడివేసి ఇంకో జాబితాగా ఉంచారు. కొత్త గడి కావాలంటే ఆ జాబితా మొదట్లోది తీసుకోవాలి, పని అయిపోతే మళ్లీ అక్కడే పెట్టాలి. అంటే చేర్చడమన్నా తొలగించడమన్నా జరిగే పని ఒక్కటే: గడి ఒక జాబితాను విడిచి ఇంకో జాబితాలో చేరుతుంది. కదిలేవి చిరునామాలే, సమాచారం ఉన్నచోటే ఉంటుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. క, చ, ట అనే మూడు అంశాలు వరసగా 104, 350, 217 గడుల్లో ఉన్నాయి. 104లో 350 అనీ, 350లో 217 అనీ రాసి ఉంది. 217లో సున్నా ఉంది, అంటే జాబితా అక్కడితో అయిపోయింది. క తర్వాత గ చేర్చాలి. ఖాళీ జాబితా నుంచి 412 దొరికింది. ఇప్పటి సీ భాషలో రాస్తే `p` అంటే 104, `x` అంటే 412:

```c
x->next = p->next;
p->next = x;
```

మొదటి వాక్యంతో 412లో 350 చేరుతుంది, రెండోదానితో 104లో 412 చేరుతుంది. వరస తారుమారైతే కొంప మునిగినట్టే. ముందే 104లో 412 రాసేస్తే 350 అన్న చిరునామా ఇక ఎక్కడా మిగలదు. తర్వాతి వాక్యం 412లో 412నే రాస్తుంది, గడి తనను తానే చూపుకుంటుంది. జాబితాను ప్రింట్ చేస్తే క, గ, గ, గ అంటూ ఆగకుండా వస్తూనే ఉంటుంది. ఆ లక్షణం కనిపిస్తే వెతకాల్సింది ఈ రెండు వాక్యాల దగ్గరే.

తొలగింపులో కూడా ఇలాంటి చిక్కే ఉంది. గ తీసేయాలంటే:

```c
x = p->next;
p->next = x->next;
x->next = avail;
avail = x;
```

`avail` అంటే ఖాళీ జాబితా మొదలు. చివరి రెండు వాక్యాలు రెండోదానికన్నా ముందు జరిగితే 412లో ఉన్న 350 చెరిగిపోయి ఖాళీ జాబితా చిరునామా వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మన జాబితా క దాటగానే ఖాళీ గడుల్లోకి దారి తప్పుతుంది, అక్కడున్న పాత సమాచారం మన సమాచారంలాగే కనిపిస్తుంది. ఈ తప్పు వెంటనే బయటపడదు, అందుకే ఎక్కువ ఏడిపిస్తుంది. ఇక మొదటి అంశానికి ముందు `p` అనదగ్గ గడే ఉండదు కాబట్టి, మొదట్లో సమాచారం లేని ఒక తల గడి పెట్టుకుంటే వేరే నియమం అక్కర్లేదు.

ఐపీఎల్‌లో గడిని తిరిగి ఇచ్చే బాధ్యత ప్రోగ్రామర్‌దే. మరిచిపోతే ఆ గడి పోయినట్టే. లిస్ప్ భాషను రూపొందించిన జాన్ మెకార్తీ ఆ భారం తీసేశారు. 1960 నాటి ఆయన పత్రం ప్రకారం, ఖాళీ జాబితా అయిపోయినప్పుడు యంత్రమే తెలిసిన చోట్ల నుంచి బయల్దేరి, చేరగలిగిన ప్రతి గడికీ గుర్తు పెట్టి, గుర్తు లేనివాటిని ఖాళీ జాబితాకు చేరుస్తుంది. కానీ లిస్ప్ గడిలో రెండు చిరునామాలుంటాయి. ఒక కొమ్మలోకి దిగితే రెండో కొమ్మ కోసం వెనక్కి రావాలి, వచ్చే దారిని ఎక్కడో రాసుకోవాలి. మెమరీ నిండుకున్నప్పుడే మొదలయ్యే పనికి ఆ రాసుకునే చోటు ఎక్కడిది?

జాబితాను ఉన్నచోటే తిరగేయడం ఇక్కడ అక్కరకొచ్చింది. 1968లో వచ్చిన డోనాల్డ్ కనూత్ మొదటి సంపుటంలో అది అభ్యాసప్రశ్నగా కూడా ఉంది. అదనపు గడులేమీ లేకుండా మూడు పేర్లతో పని జరుగుతుంది:

```c
prev = NULL;
cur = head;
while (cur != NULL) {
    next = cur->next;
    cur->next = prev;
    prev = cur;
    cur = next;
}
head = prev;
```

మన క, చ, ట మీద నడిపి చూద్దాం. `cur` 104 దగ్గర ఉంది. ముందు 350ని `next`లో దాచుకుని, 104లో సున్నా రాస్తాం. తర్వాత 350 దగ్గరికి వెళ్లి, 217ని దాచుకుని, 104 రాస్తాం. ఆఖరికి 217లో 350 రాస్తాం. `cur` సున్నా అయ్యేసరికి `prev` 217 దగ్గర ఉంటుంది, కొత్త మొదలు అదే. చివరి వాక్యం మరిచిపోతే `head` ఇంకా 104నే చూపుతుంది కాబట్టి ప్రింట్ చేస్తే క ఒక్కటే వస్తుంది. `next` దాచుకోవడం మరిస్తే మొదటి అడుగులోనే మిగతా జాబితా చేజారుతుంది. ఇదే పనిని రికర్షన్‌తో కూడా రాయవచ్చు, కానీ అప్పుడు గడికొక పిలుపు స్టాక్‌లో పేరుకుంటుంది. జాబితా పొడవైతే స్టాక్ నిండి ప్రోగ్రాం కూలిపోతుంది.

1967లో హెర్బర్ట్ షోర్, విలియం వెయిట్ గుర్తులు పెట్టే పనికి ఈ కిటుకునే వాడారు. విడిగా పీటర్ డాయిష్ కూడా దీన్నే కనుక్కున్నారు. కొమ్మలోకి దిగుతున్నప్పుడు ప్రతి గడిలోని చిరునామాను వెనక్కి, వచ్చిన గడి వైపు తిప్పుతూ పోవాలి. వెనక్కొచ్చే దారి ఆ గడుల్లోనే రాసి ఉంటుంది కాబట్టి వేరే స్టాక్ అక్కర్లేదు. గడికి రెండు చిరునామాలుంటే ఏ వైపు దిగామో చెప్పే ఒక్క బిట్ మాత్రం అదనంగా కావాలి. తిరిగొస్తూ ప్రతి చిరునామానూ యథాస్థానానికి తిప్పేయాలి. ఈలోగా మెమరీలోని బాణాల్లో కొన్ని తలకిందులుగా ఉంటాయి కాబట్టి, చివరి చిరునామా కుదురుకునేదాకా అసలు ప్రోగ్రాం ఆ గడుల్ని ముట్టుకోకుండా ఆగి ఉండాల్సిందే.