రాత్రి టీవీకి వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్: పెదవులు ముందు, మాట వెనక ఎందుకు?

మక్కా టైం మనకంటే రెండున్నర గంటలు వెనక. రంజాన్‌లో అక్కడి తరావీహ్ లైవ్ మన దగ్గర రాత్రి 11 గంటల ప్రాంతంలో మొదలవుతుంది. మూసారాంబాగ్‌లో మాది రెండు గదుల పోర్షన్. పిల్లలు పడుకునేదీ, టీవీ ఉండేదీ ఒకే గది. నానీకి చెవి కొంచెం మందం, సౌండ్ పెంచకపోతే వినపడదు. అందుకని ఒక బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొని టీవీకి కలిపాం. తరావీహ్ బాగానే విన్నది. ఆ తర్వాత వచ్చిన బయాన్ దగ్గర మాత్రం, "మౌలానా నోరు మూసుకున్నాక మాట వస్తోంది బేటా" అని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టేసింది.

ఆమె మాట నిజమే. చెవి మందగించినవాళ్లు తమకు తెలియకుండానే సగం మాట పెదవులు చూసి అర్థం చేసుకుంటారు. పెదవి ఒకటి, మాట ఒకటి అయితే సౌండ్ ఎంత పెంచినా లాభం లేదు.

ఎంత ఆలస్యం వరకు ఫరవాలేదు? ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో ఒక లెక్క ఇచ్చింది. సౌండ్ 125 మిల్లీసెకన్ల దాకా వెనకబడినా మామూలుగా మనం పట్టుకోలేం. 185 దాటితే భరించలేం. అదే సౌండ్ బొమ్మకంటే ముందు వస్తే 45కే తెలిసిపోతుంది. దూరంగా ఎవరో సుత్తితో కొడితే దెబ్బ కనిపించాకే చప్పుడు వస్తుంది కదా, గాలిలో సౌండ్‌కు మీటరుకు దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. వెనకబడిన సౌండ్ మనకు అలవాటే. ముందు వచ్చే సౌండ్ లోకంలో ఎక్కడా ఉండదు, అందుకే వెంటనే తేడా కొడుతుంది.

ఇక బ్లూటూత్ సంగతి. టీవీ ముందు సౌండ్‌ను కుదించి చిన్న చిన్న మూటలుగా కట్టి పంపిస్తుంది. మామూలుగా వాడే కుదింపు పద్ధతి పేరు ఎస్‌బీసీ. చాలామంది ఆలస్యం అంతా ఈ కుదింపులోనే ఉందనుకుంటారు, కానీ దానికి పట్టేది కొన్ని మిల్లీసెకన్లే. అసలు ఆలస్యం హెడ్‌ఫోన్ లోపల ఉంది. దారిలో ఒక మూట చెడిపోతే మళ్లీ తెప్పించుకోవాలి, అంతలో పాట ఆగకూడదు. అందుకని హెడ్‌ఫోన్ కొన్ని మూటలను ముందే నిల్వ పెట్టుకుని, ఆ నిల్వలోంచి వినిపిస్తూ ఉంటుంది. ఆ నిల్వ ఎంత పెద్దదైతే ఆలస్యం అంత. నిల్వ ఎంత ఉండాలన్నది తయారుచేసినవాళ్ల ఇష్టం. పాటల కోసం చేసిన మోడల్ అయితే తెగకుండా రావడమే ముఖ్యం కాబట్టి ఎక్కువ పెడతారు. ఒకే టీవీకి రెండు బ్లూటూత్ హెడ్‌ఫోన్లు కలిపితే ఒకటి 150, ఇంకొకటి 250 చూపించడానికి కారణం ఇదే. రేటు ఎక్కువైతే ఆలస్యం తక్కువ అనుకోవద్దు, రెండింటికీ సంబంధం లేదు.

ఆప్టెక్స్ లో లేటెన్సీ అనే రకం ఈ ఆలస్యాన్ని 40 దగ్గరికి తెస్తుంది. షరతు ఏమిటంటే పంపేదీ, వినేదీ రెండూ దాన్ని ఒప్పుకోవాలి. ఒక్కదానికి లేకపోయినా ఏ హెచ్చరికా లేకుండా రెండింటికీ వచ్చిన వేరే మామూలు పద్ధతికి దిగిపోతాయి. డబ్బా మీద ఆప్టెక్స్ అని మాత్రమే ఉంటే సరిపోదు, లో లేటెన్సీ అన్న మాట కూడా ఉండాలి. అది హెడ్‌ఫోన్ డబ్బా మీదా, ట్రాన్స్‌మిటర్ డబ్బా మీదా ఉండాలి.

యూట్యూబ్‌లో ఇదే హెడ్‌ఫోన్ సరిగ్గా ఉంది కదా అని షాపువాళ్లు ఫోన్‌లో చూపిస్తారు. అది పరీక్ష కాదు. హెడ్‌ఫోన్ ఎంత వెనకబడిందో ఫోన్‌కు తెలుసు, అంతసేపు బొమ్మను కూడా ఆపుతుంది. సెట్‌టాప్ బాక్స్ నుంచి వచ్చే బొమ్మను చాలా టీవీలు అలా ఆపవు. టీవీ సెట్టింగ్స్‌లో Audio Delay ఉంటుంది కానీ అది సౌండ్‌ను ఇంకా వెనక్కి నెట్టడానికే, ముందుకు లాగడానికి కాదు.

టీవీ కోసమే చేసినవి వేరే ఉన్నాయి. వాటితో పాటు ఒక చిన్న స్టాండ్ వస్తుంది, టీవీకి వైరుతో కలిపేది ఆ స్టాండ్‌నే. పాత రకంలో సౌండ్‌ను ఎఫ్ఎం రేడియోలాగా అలాగే పంపిస్తారు, మూటలూ నిల్వా ఏమీ ఉండవు, ఆలస్యం దాదాపు సున్నా. సెన్‌హైజర్ ఆర్ఎస్ 120 ఆ రకమే. దీనికి సన్నటి సర్రుమనే చప్పుడు ఉంటుంది, ఏమీ మాట్లాడనప్పుడు తెలుస్తుంది. అదే కంపెనీ ఆర్ఎస్ 175 డిజిటల్ రకం, 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. సర్రు ఉండదు. ఈ రకంలో నిల్వ చిన్నదిగా ఉంచుతారు కాబట్టి ఆలస్యం కొద్దిగానే ఉంటుంది. కానీ వైఫై కూడా అదే బ్యాండ్‌లో ఉంటుంది, స్టాండ్ పక్కనే రౌటర్ పెడితే మధ్యలో తెగుతుంది. ఇన్‌ఫ్రారెడ్ రకం రిమోట్‌లాగా కనపడని వెలుతురుతో పనిచేస్తుంది. దానికీ ఆలస్యం లేదు, కానీ సహెరీ చూసుకోవడానికి వంటగదిలోకి లేచి వెళ్తే అంతటితో కట్.

మా ఇంట్లో కొలిచిన తీరు చెప్తాను. ఫోన్ కెమెరాను సెకనుకు 60 ఫ్రేముల మీద పెట్టి, హెడ్‌ఫోన్ కప్పును ఫోన్ మైక్‌కు ఆనించి, టీవీలో వస్తున్న ఖవ్వాలీ లైవ్ మెహ్‌ఫిల్‌ను తీశాను. తర్వాత ఎడిటింగ్ యాప్‌లో చేతులు కలిసిన ఫ్రేము నుంచి సౌండ్ గీత లేచిన ఫ్రేము దాకా లెక్కపెట్టాను. ఒక్కో ఫ్రేము దాదాపు 17 మిల్లీసెకన్లు. ముందు టీవీ స్పీకర్‌తోనే తీయాలి, లేకపోతే ప్రోగ్రాంలోనే తేడా ఉందో హెడ్‌ఫోన్‌ది తప్పో తెలియదు. స్పీకర్‌కు ఒక ఫ్రేము లోపే వచ్చింది. బ్లూటూత్‌కు 14 ఫ్రేములు, అంటే 230 పైనే.

అప్పుడు ఒక 2.4 గిగాహెర్ట్జ్ స్టాండ్ రకం తెచ్చాం. వైరు పొడవు చాలక దాన్ని సెట్‌టాప్ బాక్స్ వెనక ఎరుపు, తెలుపు పిన్నులకు పెట్టాను. ఈసారి నానీ "ఇప్పుడు మాట ముందొస్తోంది" అన్నది! కొలిస్తే ఐదు ఫ్రేములు ముందు, 80 పైనే. టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి కొంత టైం తీసుకుంటుంది, తన స్పీకర్ సౌండ్‌ను కూడా అంతసేపు ఆపుతుంది. బాక్స్ నుంచి నేరుగా తీసుకున్న సౌండ్‌కు ఆ ఆపడం లేదు. స్టాండ్‌ను టీవీ హెడ్‌ఫోన్ జాక్‌కు మార్చాక రెండు ఫ్రేములు వెనక, అంటే 35 దాకా. నానీ ఇక ఏమీ అనలేదు. జాక్ అందకపోతే Game Mode పెట్టి చూడండి, బొమ్మ ఆలస్యం తగ్గి ముందొచ్చే తేడా కూడా తగ్గుతుంది.

జాక్‌లో పిన్ను పెట్టగానే కొన్ని టీవీల్లో స్పీకర్ మూగబోతుంది. ఇంటిల్లిపాదీ స్పీకర్‌లో వినాలి, పెద్దవాళ్లు హెడ్‌ఫోన్‌లో వినాలి అంటే ఆప్టికల్ పిన్ను వాడాలి. అది పెట్టాక అసలు సౌండే రాకపోతే హెడ్‌ఫోన్ పాడైందని వాపసు ఇవ్వకండి. టీవీ డాల్బీ పంపిస్తూ ఉంటుంది, చాలా స్టాండ్‌లకు అది అర్థం కాదు. సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ను PCM చేస్తే వస్తుంది.