ఛార్జీల పట్టిక ఎలా పుట్టింది?

2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. 1941లో నిజాం కాలంలో హైదరాబాద్ స్టేట్ బ్యాంక్‌గా మొదలైన ఆ బ్యాంకును దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ జనం ‘ఎస్‌బీహెచ్’ అనే పిలిచేవారు. సరిగ్గా అదే తేదీన ఎస్‌బీఐ కొన్నేళ్లుగా పక్కన పెట్టిన మినిమం బ్యాలెన్స్ ఛార్జీని మళ్లీ తెచ్చింది. ఎస్‌బీహెచ్ పోయిందన్న బాధ కొందరిదైతే, ఖాతాలో ఎంత ఉంచాలన్న బెంగ అందరిదీ.

ఆ నిబంధనను పేరాగా చెప్పుకుంటే దాదాపు ఇలా ఉంటుంది: మెట్రో నగరాల్లో ఖాతాదారు నెలవారీ సగటు నిల్వ 5,000 రూపాయలు ఉంచాలి. అది తగ్గితే, కొరత 75 శాతానికి మించినప్పుడు 100 రూపాయలు, 50 నుంచి 75 శాతం మధ్య ఉంటే 75, 50 శాతం లోపు ఉంటే 50 వసూలు చేస్తారు. పన్ను అదనం. జన్‌ధన్, బేసిక్ సేవింగ్స్, శాలరీ ప్యాకేజీ ఖాతాలకు ఇది వర్తించదు. చదవడానికి నాలుగు వాక్యాలే. కానీ ‘నాకెంత కోస్తారు’ అని అడిగినవాడికి అందులో జవాబు చప్పున దొరకదు.

బ్యాంకులు తమ ఛార్జీలను తామే నిర్ణయించుకోవడం ఏమంత పాత సంగతి కాదు. 1999 సెప్టెంబర్ దాకా ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ సభ్య బ్యాంకుల తరఫున సేవల ఛార్జీలకు ఒక ప్రామాణిక రేటు కట్టేది. ఆ నెలలో రిజర్వు బ్యాంకు ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఛార్జీలు ఎంతన్నది ఆయా బ్యాంకుల బోర్డులకే వదిలేసింది. అందరికీ ఒకే రేటు ఉన్నంతకాలం పోల్చి చూసే పనే లేదు. రేట్లు విడిపోయాకే పట్టిక అవసరం పడింది.

2005 మేలో రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. సేవల ఛార్జీలను ప్రతి బ్యాంకూ తన వెబ్‌సైట్ హోమ్‌పేజీలో రిజర్వు బ్యాంకు సూచించిన నమూనాలోనే చూపాలని అందులో చెప్పింది. మినిమం బ్యాలెన్స్ ఎంత, లేకపోతే కోత ఎంత, చెక్‌బుక్‌కు ఎంత, డీడీకి ఎంత, ఖాతా మూసేస్తే ఎంత అంటూ శీర్షికలు ముందే గీసి పెట్టారు. 2006లో ఎన్. సదాశివన్ నాయకత్వంలోని కమిటీ ఛార్జీలు సబబుగా ఉన్నాయా లేవా అన్నది పరిశీలించింది. 2008లో బ్రాంచి నోటీసు బోర్డుకు కూడా కొలత వచ్చింది: కనీసం రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. మూడు నుంచి ఐదు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవగలగాలని లెక్క. ఆ చదరంలో మూడు భాషలకూ చోటు ఇవ్వాలి. తెలుగు వంతు అక్షరాలు ఎంత చిన్నవో చూసినవారికి తెలుసు.

ఛార్జీలను పట్టికలో పెట్టే ఈ పని అమెరికాలో క్రెడిట్ కార్డులకు 1988లోనే జరిగింది. కాంగ్రెస్ సభ్యుడు చార్ల్స్ షూమర్ చొరవతో వచ్చిన చట్టం వల్ల వడ్డీ, రుసుములు పేరాల్లో దాక్కోకుండా ఒక పెట్టెలోకి రావాల్సి వచ్చింది. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇప్పుడు మన మినిమం బ్యాలెన్స్ పేరాను పట్టికలోకి దించుదాం. మొదట తేలాల్సింది ఎవరికి వర్తించదన్న సంగతి. పేరాలో అది చివర వస్తుంది, చదివేవాడికి మాత్రం ముందు కావాలి. జన్‌ధన్ ఖాతా ఉన్నవాడికి శాతాల లెక్కతో పనేముంది? మినహాయింపు ఖాతా రకాన్ని బట్టి ఉంటుంది, కోత నిల్వను బట్టి ఉంటుంది. రెంటినీ ఒకే నిలువు వరుసలో కలిపేస్తే గందరగోళమే. అందుకే మినహాయింపులకు పై అడ్డువరుస ఇవ్వాలి.

| ఖాతా | షరతు: నెలవారీ సగటు నిల్వ 5,000లో కొరత | నెలకు కోత |
|---|---|---|
| జన్‌ధన్, బేసిక్ సేవింగ్స్, శాలరీ ప్యాకేజీ | ఎంతైనా | లేదు |
| మామూలు సేవింగ్స్ | కొరత లేదు | లేదు |
| మామూలు సేవింగ్స్ | 50 శాతం వరకు | 50 + పన్ను |
| మామూలు సేవింగ్స్ | 50 దాటి 75 శాతం వరకు | 75 + పన్ను |
| మామూలు సేవింగ్స్ | 75 శాతం దాటితే | 100 + పన్ను |

ఇక్కడొక చిక్కు ఉంది. ‘50 లోపు’, ‘50 నుంచి 75’ అని పేరా అంటుంది. నిల్వ సరిగ్గా 2,500 అయితే కొరత సరిగ్గా 50 శాతం. 50 కోయాలా, 75 కోయాలా? పట్టిక గీసేవాడు ‘వరకు’, ‘దాటి’ అని తేల్చి రాయక తప్పదు. నేను పైన ఖాతాదారుకు అనుకూలంగా రాశాను, అసలు పని చేసేవారు బ్యాంకును అడిగి తేల్చుకోవాలి. పేరా దాటేసే ఇలాంటి ఖాళీలు పట్టికలో వెంటనే బయటపడతాయి.

గీసిన పట్టికను పరీక్షించాలంటే ఒక మనిషిని అందులో నడిపించాలి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగ్ తీసుకునే కుర్రాడు ఒకడున్నాడనుకుందాం. ఇంటి నుంచి డబ్బు వచ్చాక ఏప్రిల్ మొదటి పది రోజులూ ఖాతాలో 6,000, ఫీజు, మెస్ బిల్లు కట్టాక మిగతా ఇరవై రోజులూ 600. రోజు ముగిసేసరికి ఉన్న నిల్వలన్నీ కూడితే 72,000. ముప్ఫైతో భాగిస్తే సగటు 2,400. కొరత 2,600, అంటే 52 శాతం. నాలుగో వరుసలో పడ్డాడు: 75 రూపాయలు, అప్పటి 15 శాతం సేవా పన్నుతో 86 రూపాయల 25 పైసలు. ఇంకో వంద రూపాయలు నెలంతా ఉంచి ఉంటే కొరత 50 శాతం దగ్గర ఆగేది. ‘సగటు’ అన్న మాట పట్టికలో జారిపోతే మాత్రం కుర్రాడు నిల్వ ఒక్క రోజు కూడా 5,000 కంటే తగ్గకూడదని భయపడతాడు.

ఎవరిని నడిపించినా ఒకే ఒక్క వరుసలో ఆగాలి. రెండింట్లో ఆగినా, ఎక్కడా ఆగకపోయినా పట్టికలో తప్పున్నట్టే.

పేరాలో లేనివీ కొన్ని ఉన్నాయి. 2014 నవంబర్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చి, 2015 ఏప్రిల్ నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం నిల్వ తగ్గిందని ఎస్ఎంఎస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ముందు చెప్పాలి. నెలలోపు సరిచేసుకోకపోతేనే కోయాలి. కోత కొరతకు తగ్గట్టు ఉండాలి, ఆ కోత వల్ల ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఇవి ఏ ఒక్క వరుసకో చెందవు కాబట్టి పట్టిక కిందే నక్షత్రం గుర్తు లేకుండా మామూలు సైజు అక్షరాల్లో రాయాలి. మన కుర్రాడికి కబురు రాకుండానే 86 రూపాయలు పోతే, అతను వాదించాల్సింది ఈ షరతు మీదే.

ఆ పట్టిక ఆర్నెల్లే నిలిచింది. 2017 అక్టోబర్‌లో మెట్రో పరిమితి 3,000కు దిగింది, పింఛనుదారులు, మైనర్లు మినహాయింపు వరుసలోకి వచ్చారు. 2018 ఏప్రిల్ నుంచి మెట్రోలో గరిష్ఠ కోత 15 రూపాయలే. 2020 మార్చిలో ఎస్‌బీఐ సేవింగ్స్ ఖాతాలన్నిటికీ ఆ షరతే ఎత్తేసింది.

ప్రైవేటు బ్యాంకుల్లో ఆ షరతు ఇంకా ఉంది. 2025 ఆగస్టులో ఐసీఐసీఐ బ్యాంకు మెట్రోల్లో కొత్త ఖాతాలకు పరిమితిని 50,000కు పెంచి, గోల రేగగానే కొద్ది రోజుల్లోనే 15,000కు దించింది. పాత ఖాతాలకు ఆ పెంపు లేదు. కాబట్టి ఆ బ్యాంకు పట్టిక గీయాలంటే మన దాంట్లో లేని నిలువు వరుస ఒకటి చేర్చాలి: ఖాతా తెరిచిన తేదీ.