పెళ్ళికూతుర్ని చేసిన గురువు

పీరు అనగానే మనకు పీర్ల పండుగ గుర్తొస్తుంది. అగ్నిగుండం, పట్టుగుడ్డలు కట్టి ఊరేగించే పీర్లు, మలీదా ముద్దలు. చిన్నప్పుడు నేను పీరంటే ఆ గుడ్డలు కట్టిన ధ్వజమే అనుకునేదాన్ని. అసలు ఆ పారశీ మాటకు అర్థం ముసలాయన అనిట. సూఫీల వాడుకలో పీరంటే గురువు. ఆయన్ని ఆశ్రయించినవాడు మురీదు, అంటే కోరుకున్నవాడు.

మొదట్లో సూఫీలకు మఠాలూ పరంపరలూ లేవు. ఫలానా ఊళ్ళో మంచి గురువున్నాడంటే మూటాముల్లే సర్దుకుని వెళ్ళేవారు, నేర్చుకున్నంత నేర్చుకుని ఇంకో ఊరు పోయేవారు. 12, 13 శతాబ్దాలకు వచ్చేసరికి ఒక్కొక్క గురువు పేరుమీదా ఒక్కొక్క పరంపర నిలిచింది. దాన్ని సిల్‌సిలా అంటారు, అంటే గొలుసు. 1166లో బాగ్దాదులో కన్నుమూసిన అబ్దుల్ ఖాదిర్ జీలానీ పేరున ఖాదిరీలు, అదే ఊళ్ళో సుహ్రవర్దీలు. మన దేశంలో అజ్మీరులో స్థిరపడ్డ ముయీనుద్దీన్‌తో చిష్తీలు. శిష్యులు ఉండడానికి ఖాన్‌ఖాలు, అంటే ఆశ్రమాలు వెలిశాయి. పదిమంది ఒక చూరు కింద చేరితే నియమాలు కావాలి కదా! బాగ్దాదులో సుహ్రవర్దీ గురువొకాయన శిష్యులు ఎలా మెలగాలో వివరంగా రాసిపెట్టారు. ఆ పుస్తకం పేరు 'అవారిఫ్'. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి, తంటా అంతా దీనితోనే వచ్చింది.

ఇప్పుడు పాకిస్తాన్ పంజాబులో ఉన్న పాక్‌పట్టణాన్ని ఆ రోజుల్లో అజోధన్ అనేవారు. ముయీనుద్దీన్ శిష్యుడి శిష్యుడు బాబా ఫరీద్ అక్కడ ఉండేవారు. ఆయన దగ్గరకు ఇరవయ్యేళ్ళ కుర్రాడొకడు ఢిల్లీ నుంచి వచ్చాడు. పేరు నిజాముద్దీన్. ఔను, ఇవాళ ఢిల్లీలో రైల్వే స్టేషనుకు కూడా ఎవరి పేరుందో ఆ నిజాముద్దీనే. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి జులేఖా నానా అగచాట్లూ పడి చదివించింది. ఇంట్లో గింజ లేని పూట, ఇవాళ మనం దేవుడింటి అతిథులం అని కొడుకుతో అనేదట ఆ మహాతల్లి. పిల్లవాడు చదువులో అఖండుడు. వాదనకు దిగితే ఎదుటివాడు నోరు మూసుకోవాల్సిందే. సభల్ని చెదరగొట్టేవాడని తోటివాళ్ళు బిరుదు కూడా ఇచ్చారు.

అజోధన్‌లో బిరుదులకు విలువ లేదు. ఒక శిష్యుడు కట్టెలు తేవాలి, ఒకడు నీళ్ళు మోయాలి, ఒకడు ముళ్ళపొదల్లో డేలా అనే చిన్న కాయలు కోసుకురావాలి. వాటిని ఉడికించే పని మన పండితుడిది. ఒకరోజు ఉప్పు లేదు. ఉప్పులేని కూర గురువుగారికి ఎలా పెట్టడం అని పక్క కొట్లో చిటికెడు అరువు తెచ్చి వేశాడు. మనలో ఎవరమైనా అదే చేస్తాం. ఫరీద్ ముద్ద తీసుకోబోయి ఆపేశారు. చెయ్యి బరువెక్కుతోంది, ఇందులో ఏదో ఉంది అన్నారు. అరువు సంగతి బయటపడింది. పస్తుండడం నయం గాని నోటి రుచి కోసం అప్పు కూడదని, ఆ కూర ముట్టనే లేదు. చిటికెడు ఉప్పుకి ఇంత రాద్ధాంతమా అని నాకూ అనిపించింది.

కానీ ఆ మాట నిజాముద్దీన్ మనసులో బాగా నాటింది. ఇవ్వాల్సినవాళ్ళకి ఇచ్చేయాలని గురువుగారు తరచు చెబుతుంటే, ఢిల్లీలో ఒక బట్టల వర్తకుడికి తాను ఇరవై జీతళ్ళు బాకీ అని గుర్తొచ్చింది. జీతల్ అంటే అప్పటి చిన్న నాణెం. ఒకరి పుస్తకం అడిగి తెచ్చుకుని పోగొట్టాడు కూడా. ఢిల్లీ వెళ్ళినప్పుడు చేతిలో పదే ఉన్నాయి. అవే పట్టుకెళ్ళి వర్తకుడికిచ్చి, మిగతావి తరవాత ఇస్తానన్నాడు. ఎక్కడినుంచి వస్తున్నాడో గ్రహించిన వర్తకుడు ఆ పదీ తీసుకుని మిగతాది వదిలేశాడు. పుస్తకం ఆయన దగ్గరకు వెళ్ళి, ఎక్కడైనా ప్రతి దొరికితే చేత్తో రాసి ఇస్తానన్నాడు. ఆయనా మాఫీ చేశాడు. కొట్లో ఉప్పు తెచ్చిన కుర్రాడు ఇప్పుడు ఇలా గడపగడపా తిరిగాడు చూడండి!

ఇక అసలు తంటా. ఫరీద్ స్వయంగా అతనికి 'అవారిఫ్' పాఠం చెబుతున్నారు. ఆ రాతప్రతి తప్పులతడక, సన్నటి అక్షరాలు. గురువుగారు చదువుతూ మధ్యమధ్య ఆగాల్సొస్తోంది. నిజాముద్దీన్ ఉండబట్టలేక, ఫలానా వారి దగ్గర మంచి ప్రతి ఉందండీ, నేను చూశాను అన్నాడు. గురువుగారి మొహం మారింది. తప్పులున్న ప్రతిని సరిదిద్దే శక్తి ఈ ఫకీరుకి లేదనా అని రెండుసార్లు అన్నారు. ఎవర్ని అంటున్నారో కుర్రాడికి అర్థమే కాలేదు. నిన్నేనయ్యా అని పక్కవాడు చెప్పాక గుండె జారిపోయి కాళ్ళమీద పడ్డాడు. నా ఉద్దేశం అది కాదని మొత్తుకున్నాడు. ఆయన కరగలేదు. బయటికొచ్చి ఏడుస్తూ తిరిగి తిరిగి ఒక బావి దగ్గరికి చేరాడు. దూకేద్దామనుకున్నాడు. దూకితే ఆ నింద ఎవరిమీదికి పోతుందో తోచి వెనక్కి తగ్గాడు. చివరికి అతని స్నేహితుడైన గురువుగారి కొడుకే తండ్రికి నచ్చజెప్పాడు.

మర్నాడు పిలిపించి, ఇదంతా నీ మేలుకే చేశాను అన్నారు ఫరీద్. పీరు మురీదుకి పెళ్ళికూతుర్ని చేసే మనిషివంటివాడని చెప్పి, తన బట్టలు తెప్పించి కప్పారు. పెళ్ళికూతుర్ని చెయ్యడం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. నలుగు పెట్టేటప్పుడు ఒళ్ళు మండుతుంది, చిక్కు తీస్తుంటే కళ్ళనీళ్ళొస్తాయి. అలంకరించే ఆవిడ ఏడవకమ్మా అంటూనే జుట్టు లాగుతుంది. ఆ పోలిక నాకు నచ్చింది గాని, ఆ బావి గట్టు తలుచుకుంటే మాత్రం గుండె ఝల్లుమంటుంది. సభల్ని చెదరగొట్టినవాడి పాండిత్యగర్వం మీదే ఆయన దెబ్బ కొట్టారు, ఒప్పుకుంటాను. అయినా ఆ కొడుకు కలగజేసుకోకపోతే? ఇలాంటి అధికారం అహంకారి చేతిలో పడితే? ఈ సంగతులన్నీ ముసలితనంలో నిజాముద్దీనే చెప్పుకున్నారు. 1308 నుంచి 1322 వరకు కవి అమీర్ హసన్ రాసిపెట్టిన గోష్ఠుల్లో ఈ పాఠం సంగతీ ఉంది. చెప్పేటప్పుడు గురువుమీద ఒక్క ఫిర్యాదు లేదు. కానీ తాను గురువయ్యాక గుమ్మం విశాలంగా తెరిచారు. పెద్దా చిన్నా తేడా లేకుండా అడిగినవాళ్ళనల్లా మురీదులుగా చేర్చుకున్నారని ఆనాటి చరిత్రకారుడు బరనీ రాశాడు. తన తరవాత దీక్షలిచ్చే అధికారం మాత్రం కొద్దిమందికే.

1325లో నిజాముద్దీన్ పోయారు. ఢిల్లీలో ఆయన స్థానంలో నిలిచిన నసీరుద్దీన్ తన తరవాత ఫలానావాడని ఎవర్నీ చెప్పలేదు. 1356లో పోతూ, గురువు చేతినుంచి అందిన అంగీ, కర్ర, జపమాల, గిన్నె తనతోపాటే సమాధిలో పెట్టమన్నారు. అలాగే పెట్టారు. ఆయన దేహానికి స్నానం చేయించిన శిష్యుల్లో ఒకాయన అంగీ దొరకలేదని బాధపడలేదట. స్నానం చేయించిన మంచం నులకతాళ్ళు విప్పి మెడలో వేసుకుని, నాకు ఇదే అంగీ అన్నాడని చెబుతారు. ఆయనే తరవాత దక్కనుకు తరలివచ్చిన గేసూదరాజ్. 1422లో గుల్బర్గాలో కన్నుమూశారు. మన హైదరాబాదు వైపునుంచి ఏటా ఉరుసుకి జనం వెళ్ళేది ఆయన సమాధి దగ్గరికే.