బొమ్మ స్థానంలో మాట: సాంకేతిక మార్గదర్శకాలలోని స్క్రీన్‌షాట్లకు ప్రత్యామ్నాయ పాఠం - ఒక చారిత్రక పరిశీలన

సారాంశం: కంప్యూటర్ వాడకాన్ని నేర్పే మార్గదర్శకాలలో స్క్రీన్‌షాట్లు సర్వసాధారణం. స్క్రీన్ రీడర్ సాయంతో చదివే అంధ పాఠకులకు ఆ బొమ్మల స్థానంలో వినిపించేది వాటికి జతచేసిన ప్రత్యామ్నాయ పాఠం మాత్రమే. ఈ పాఠం గురించిన అవగాహన 1993 నుండి ఎలా మారుతూ వచ్చిందో, ఆ మార్పు స్క్రీన్‌షాట్ విషయంలో ఏ నిర్ణయాలకు దారి తీస్తుందో పైథాన్ ఇన్‌స్టాలేషన్ తెర ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు మార్గదర్శకాలలో మాత్రమే ఎదురయ్యే ఒక భాషా సమస్యను కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: ప్రత్యామ్నాయ పాఠం, స్క్రీన్‌షాట్, స్క్రీన్ రీడర్, హెచ్‌టీఎంఎల్, సాంకేతిక రచన

1. ఉపోద్ఘాతం

స్క్రీన్‌షాట్‌లో ఒక వైరుధ్యం ఉంది. తెరపై తెరుచుకున్న అసలు విండోలోని బటన్లను, చెక్‌బాక్స్‌లను స్క్రీన్ రీడర్ పేరుపేరునా చదవగలదు. 1997లో మైక్రోసాఫ్ట్ ప్రవేశపెట్టిన యాక్టివ్ యాక్సెసిబిలిటీ వంటి ఏర్పాట్ల వలన విండోస్‌లోని ఒక్కొక్క అంశం తన పేరును, పాత్రను, స్థితిని స్క్రీన్ రీడర్‌కు తెలుపగలుగుతున్నది. అదే విండోను బొమ్మగా తీసి మార్గదర్శకంలో పెట్టగానే ఆ పేర్లన్నీ రంగు చుక్కలుగా మారిపోతాయి. నేర్చుకోవలసిన పరికరం మాట్లాడుతుంది కాని దానిని నేర్పే పుస్తకం మాట్లాడదు. ఈ మౌనాన్ని పూరించవలసినది ప్రత్యామ్నాయ పాఠం. అయితే ఆ పాఠంలో ఏమి రాయాలన్న ప్రశ్నకు సమాధానం మొదటి నుండీ ఒకే తీరుగా లేదు.

2. లోపానికి పూరకం నుండి సమాన పాఠం వరకు

వెబ్ పుటలో బొమ్మను చేర్చే `img` ట్యాగును మార్క్ ఆండ్రీసన్ 1993 ఫిబ్రవరిలో ప్రతిపాదించినప్పుడు అందులో తప్పనిసరిగా ఉన్నది బొమ్మ చిరునామా ఒక్కటే. బొమ్మ కనిపించనివారికి ఏమి చెప్పాలన్న ఆలోచన దానిలో లేదు. 1995 నవంబరులో వెలువడిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో `alt` లక్షణానికి చోటు దొరికింది. అప్పటి ప్రధాన అవసరం యంత్రపరమైనది. లింక్స్ వంటి అక్షరమాత్ర బ్రౌజర్లు బొమ్మను చూపలేవు. టెలిఫోను తీగపై నెట్ వాడేవారు వేగం కోసం బొమ్మలను ఆపివేసేవారు. రానిదానికి బదులుగా నాలుగు మాటలు చూపడమే `alt` పని. దానిని రాయడమూ రచయిత ఇష్టమే.

1997 డిసెంబరులో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 4.0 ఈ స్థితిని మార్చి, ప్రతి `img` ట్యాగుకూ `alt` తప్పనిసరి చేసింది. 1999 మే నెలలో ప్రకటితమైన వెబ్ ప్రాప్యతా మార్గదర్శకాల తొలి కూర్పులో మొట్టమొదటి నియమమే, పాఠం కాని ప్రతి అంశానికీ సమానమైన పాఠాన్ని ఇవ్వాలన్నది. ఇక్కడ 'సమానం' అన్న మాట కీలకం. బొమ్మ ఎలా ఉందో చెప్పడం వర్ణన. బొమ్మ ఆ చోట చేసే పనిని మాటతో చేయించడం సమానత. గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త అలన్ ఫ్లావెల్ 1990లలో `alt` వాడకంపై రాసిన వ్యాసంలో ఈ భేదాన్నే నొక్కి చెప్పాడు.

ఈ భేదానికి చట్టపరమైన బరువు కూడా త్వరలోనే వచ్చింది. సిడ్నీ ఒలింపిక్స్ వెబ్‌సైటులో బొమ్మలకు ప్రత్యామ్నాయ పాఠం లేదని, ఇతర ఆటంకాలూ ఉన్నాయని బ్రూస్ మాగ్వైర్ అనే అంధుడు 1999లో ఫిర్యాదు చేయగా, 2000 ఆగస్టులో ఆస్ట్రేలియా మానవ హక్కుల సంఘం అతనికి అనుకూలంగా నిర్ణయించింది.

హెచ్‌టీఎంఎల్ 4.0 ప్రవేశపెట్టిన మరొక లక్షణం `longdesc`. దీర్ఘ వివరణను వేరే పుటలో రాసి దాని చిరునామాను బొమ్మకు జతచేయడం దీని పద్ధతి. చూపున్న పాఠకునికి ఆ పుట కనిపించదు కనుక తప్పులు దిద్దేవారు లేక అది పాతబడిపోయేది. 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5 ప్రమాణంలో `longdesc` చేరలేదు. అందరికీ కనిపించే పాఠమే కాలానికి నిలుస్తుందన్నది ఈ అనుభవం నేర్పిన పాఠం. స్క్రీన్‌షాట్ల విషయంలో ఇదే ముఖ్య సూత్రంగా పనికివస్తుంది.

3. ఒక ఉదాహరణ: పైథాన్ ఇన్‌స్టాలేషన్ తొలి తెర

విండోస్‌లో పైథాన్ భాషను ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ తొలి తెరలో `Install Now`, `Customize installation` అనే రెండు ఎంపికలు ఉంటాయి. వాటి దిగువన, విండో అడుగున, రెండు చెక్‌బాక్స్‌లు ఉంటాయి. వాటిలో `Add python.exe to PATH` అన్నదానికి మొదట టిక్కు ఉండదు. బోధనా వ్యాసాలలో ఈ తెరను బొమ్మగా ఇచ్చి, ఆ చెక్‌బాక్స్ చుట్టూ ఎర్రని గీత గీసి, "బొమ్మలో చూపినట్లు టిక్కు పెట్టి ముందుకు సాగండి" అని రాయడం పరిపాటి.

ఈ వాక్యంలో చేయవలసిన పని లేదు. అది ఎర్రని గీతలో ఉంది. `alt` లేని చోట కొన్ని స్క్రీన్ రీడర్లు ఫైలు పేరును చదువుతాయి. అందువలన అంధ విద్యార్థికి "గ్రాఫిక్, ఇమేజ్ జీరో త్రీ" వంటి శబ్దం వినిపించవచ్చు. అతడు తన కంప్యూటర్లో `Install Now` నొక్కుతాడు. ఇన్‌స్టాలేషన్ ఏ ఆటంకమూ లేకుండా పూర్తవుతుంది. పొరపాటు బయటపడేది తరువాతి అధ్యాయంలో. కమాండ్ ప్రాంప్ట్‌లో `python --version` అని కొట్టినప్పుడు విండోస్ 10, 11లలో ఈ సందేశం రావచ్చు:

```
Python was not found; run without arguments to install from the Microsoft Store, ...
```

ఇన్‌స్టాల్ చేసిన పైథాన్‌నే 'లేదు' అంటున్న ఈ సందేశం విద్యార్థిని తప్పుదారి పట్టిస్తుంది. `py --version` అంటే సంఖ్య చెప్పి, `python --version` అంటే దొరకలేదంటే, లోపం ఇన్‌స్టాలేషన్‌లో కాక ఆ టిక్కులో ఉందని గుర్తించవచ్చు. అదే ఇన్‌స్టాలర్‌ను మళ్ళీ తెరిచి `Modify` ద్వారా సరిచేయవచ్చు. కాని కారణం తెలియని విద్యార్థికి ఆ దారి తట్టదు. తప్పు తనదేనని, ఈ విద్య తనకు అందదని అతడు అనుకునే ప్రమాదం ఉంది.

ఈ బొమ్మకు ప్రత్యామ్నాయ పాఠం రాసేవారు సాధారణంగా రెండు విధాలుగా పొరబడతారు. "పైథాన్ ఇన్‌స్టాలేషన్ స్క్రీన్‌షాట్" అన్నది మొదటిది. ఇది బొమ్మ ఉందని చెబుతుంది కాని ఏమి చేయాలో చెప్పదు. రెండవది విండో శీర్షిక, ఎడమన ఉన్న చిహ్నం, వెర్షన్ సంఖ్య, ఇన్‌స్టాల్ అయ్యే ఫోల్డరు దారి, బటన్లు అన్నింటినీ ఏకరువు పెట్టడం. ఇందులో కావలసిన మాట ఉంటుంది కాని అది కావలసినదని తెలియదు. పైగా ప్రత్యామ్నాయ పాఠాన్ని పేరాలుగా, జాబితాగా విభజించడానికి వీలు లేదు. వినేవాడు తప్పిన మాటను వెతుక్కుంటూ మొత్తం మళ్ళీ వినవలసి ఉంటుంది.

`longdesc` చరిత్ర సూచించే దారి వేరు. చర్యను అందరికీ కనిపించే వాక్యంలోకి తేవాలి. చర్య ముగిశాక తెర ఏ స్థితిలో ఉండాలో మాత్రం `alt`కు వదిలిపెట్టాలి:

```html
<p>ముందుగా విండో అడుగున ఉన్న
<span lang="en">Add python.exe to PATH</span>
చెక్‌బాక్స్‌కు టిక్కు పెట్టాలి. ఆ తరువాతే
<span lang="en">Install Now</span> నొక్కాలి.</p>
<img src="setup.png"
 alt="ఇన్‌స్టాలేషన్ తొలి తెర. అడుగున ఉన్న
 రెండు చెక్‌బాక్స్‌లకూ టిక్కు ఉంది.">
```

ఇప్పుడు బొమ్మ సూచన కాదు, సరిచూసుకునే ఆనవాలు. చూపున్నవాడు బొమ్మతో పోల్చుకున్నట్లే, విన్నవాడు తన విండోలో రెండు చెక్‌బాక్స్‌ల స్థితినీ విని పోల్చుకుంటాడు. ఆ స్థితిని కూడా వాక్యంలోనే చెప్పివుంటే బొమ్మ కొత్తగా చెప్పేది ఉండదు. అప్పుడు `alt=""` అని ఖాళీగా ఉంచడమే సరి, స్క్రీన్ రీడర్ దానిని దాటిపోతుంది. ఖాళీ `alt`, లేని `alt` ఒకటి కావు. మొదటిది రచయిత నిర్ణయం, రెండవది మరపు.

దోష సందేశాన్ని బొమ్మగా ఇచ్చిన సందర్భంలో పరిష్కారం మరింత సులువు. పైన చూపిన సందేశం వంటిది అక్షరాలుగానే ఇవ్వాలి. అక్షరాలుగా ఉన్నదానిని వినవచ్చు, కాపీ చేయవచ్చు, వెతకవచ్చు.

4. తెలుగులో ప్రత్యేక సమస్య

పై ఉదాహరణలో ఆంగ్ల బటన్ పేర్లు `alt`లో లేకపోవడం యాదృచ్ఛికం కాదు. తెలుగు మార్గదర్శకంలో వాక్యం తెలుగు, బటన్ పేరు ఆంగ్లం. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ ప్రారంభించిన ఉచిత స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ, పుటలో `lang` గుర్తు ఉన్నచోట, తగిన గొంతు అందుబాటులో ఉంటే, ఆ భాషకు తగినట్లు ఉచ్చారణను మార్చగలదు. పేరాలోని ఆంగ్ల పదానికి `span` తొడిగి ఆ గుర్తు ఇవ్వవచ్చు. `alt` విలువలో మరొక ట్యాగు ఇమడదు కనుక అందులోని మాటలన్నీ ఒకే భాషగా పరిగణింపబడతాయి. `PATH` అన్న మాటను తెలుగు గొంతు ఒక తీరుగా పలికి, అసలు విండోలో ఆంగ్ల గొంతు మరొక తీరుగా పలికితే రెండూ ఒకటేనని పోల్చుకోవడం కొత్త విద్యార్థికి కష్టం.

బటన్ పేరును తెలుగులోకి అనువదించి రాయడం కూడా ఇక్కడ ఉపకరించదు. "ఇప్పుడే స్థాపించు" అనే బటన్ ఆ విండోలో ఎక్కడా వినిపించదు. తెరపై ఉన్న పేరును ఉన్నట్లుగా, భాషా గుర్తుతో వాక్యంలో ఇచ్చి, అవసరమైతే దాని అర్థాన్ని పక్కన తెలుగులో చెప్పడం మేలు. మార్క్‌డౌన్ వంటి తేలిక పద్ధతులలో `![ ]( )` మధ్య రాసేదీ చివరకు `alt`గానే మారుతుంది కనుక ఈ పరిమితి అక్కడా వర్తిస్తుంది.

5. కాలంతో వచ్చే తప్పు

ఇదే చెక్‌బాక్స్ పేరు పూర్వపు వెర్షన్లలో పైథాన్ సంఖ్యతో కలిసి ఉండేది. తరువాత `python.exe` అని మారింది. ఇటువంటప్పుడు రచయితలు కొత్త బొమ్మను పెడతారు. తమకు కనిపించని `alt`ను మాత్రం పాతదిగానే వదిలేస్తారు. అప్పుడు చూసేవారికి ఒక పేరు, వినేవారికి మరొక పేరు అందుతుంది. దీనిని పట్టుకోవడానికి పెద్ద సాధనాలు అక్కరలేదు. ఎన్‌వీడీఏలో G మీటతో బొమ్మ నుండి బొమ్మకు వెళుతూ వినవచ్చు. లేదా బ్రౌజరులో బొమ్మలను ఆపి, మార్గదర్శకాన్ని మాత్రమే అనుసరించి ఇన్‌స్టాలేషన్ పూర్తి చేయగలమో లేదో చూడవచ్చు. ఎక్కడ ఆగిపోతే అక్కడ చర్య బొమ్మలో చిక్కుకుందని అర్థం. `alt` ఉందో లేదో చెప్పగల స్వయంచాలక పరీక్షలు ఈ లోపాన్ని పట్టలేవు. "స్క్రీన్‌షాట్" అన్న ఒక్క మాట ఉన్నా అవి తృప్తి పడతాయి.

6. ముగింపు

1995లో బొమ్మ రానప్పుడు చూపే మాటగా మొదలైన `alt`, 1999 నాటికి బొమ్మకు సమానమైన పాఠంగా గుర్తింపు పొందింది. స్క్రీన్‌షాట్ విషయంలో ఈ సమానతను `alt` ఒక్కటే సాధించలేదని పైథాన్ ఉదాహరణ తెలుపుతున్నది. చర్యను వాక్యం, స్థితిని `alt`, సందేశాన్ని అక్షరం మోసినప్పుడే పాఠకుడు ఆ టిక్కు పెట్టి ముందుకు సాగగలడు. `alt`లో భాషను సూచించే వీలు లేనంత కాలం, తెలుగు రచయిత బటన్ పేరును ఆ లక్షణం బయట, వాక్యంలోనే ఉంచవలసి ఉంటుంది.